వంట రీల్: మొదటి మూడు సెకన్ల మాట, కింద క్యాప్షన్ ఎలా రాయాలి

రీల్ షూట్ చేసి, కట్ చేసి, పాట పెట్టి, ఇక అప్‌లోడ్ నొక్కేముందు "ఇప్పుడు ఏం రాద్దాం" అని ఆలోచించే అలవాటు ఉంటే ముందు దాన్ని మార్చుకోండి. హుక్, అంటే చూసేవాళ్ళని ఆపే ఆ మొదటి మూడు సెకన్ల మాట, స్టవ్ వెలిగించకముందే రాసుకోవాలి. ఎందుకంటే మీరు రాసిన మాటకి సరిపోయే షాట్ మీ దగ్గర లేకపోతే ఆ మాట ఎంత బాగున్నా పనికిరాదు, వంట అయిపోయాక ఆ షాట్ మళ్ళీ తీద్దామన్నా కుదరదు, ముక్కలు అప్పటికే వేగిపోయి ప్లేట్‌లో ఉంటాయి.

ఇదంతా ఒకే ఒక్క రీల్ మీద చూపిస్తాను. వంట చాలా మామూలుది, బంగాళాదుంప ముక్కలు పాన్‌లో వేయించడం. అందరూ చేసేదే, అందరికీ వచ్చిందే, అందుకే దీనికి హుక్ రాయడం కష్టం.

నా మొదటి వెర్షన్ ఇలా మొదలైంది: బుట్టలో పచ్చి బంగాళాదుంపలు, వెనక నా గొంతు, "హాయ్ అందరికీ, ఈ రోజు మనం కరకరలాడే బంగాళాదుంప వేపుడు ఎలా చేసుకోవాలో చూద్దాం." ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఈ వాక్యం మామూలు వేగంతో చదవండి, ఐదు సెకన్ల దగ్గరికి వస్తుంది. "చూద్దాం" అనేసరికి చూడాల్సిన మనిషి తర్వాతి వీడియోకి వెళ్ళిపోయాడు. ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్‌లో, ఏ సెకనుకి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గ్రాఫ్ చూస్తే గీత మొదట్లోనే కొండ మీంచి దొర్లినట్టు పడింది, తర్వాత చివరిదాకా దాదాపు అడ్డంగానే వెళ్ళింది. అంటే ఉన్నవాళ్ళకి వంట నచ్చింది. మిగతావాళ్ళు వంట దాకా రానేలేదు. అదే వంటని మళ్ళీ తీశాను, ఈసారి ముందు రాసుకుని.

ముందు, చేతిలో జరిగే ఒక్క ఇబ్బంది పట్టుకోండి

వంటకం పేరు హుక్ కాదు. పేరు వినగానే "నాకు తెలుసులే" అనుకుంటారు, అక్కడితో సరి. కానీ ఆ వంట చేసేటప్పుడు చేతిలో జరిగే ఇబ్బంది ఒకటి ఉంటుంది, అది చూపిస్తే మనిషి ఆగుతాడు, ఎందుకంటే పోయినసారి తన పాన్‌లో జరిగింది అదే.

ఒక కాగితం తీసుకుని ఆ వంటలో ఏమేం చెడిపోతాయో రాయండి. బంగాళాదుంప ముక్కల విషయంలో నేను రాసుకున్నవి: పాన్‌కి అంటుకుని అడుగంటుతాయి, బయట రంగు వచ్చినా లోపల పచ్చిగా ఉంటాయి, కలిపేకొద్దీ చితికి ముద్దవుతాయి, దించిన పది నిమిషాలకే మెత్తబడతాయి. నాలుగున్నాయి. నాలుగూ ఒకే రీల్‌లో చెప్పాలనిపిస్తుంది, అక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఒక్కటి ఉంచి మూడు కొట్టేయండి. ఏది ఉంచాలో తేల్చడానికి నేను చూసేది రెండే: మాట లేకుండా కంటికి కనిపించాలి, దానికి మందు మీ వీడియోలో నిజంగా ఉండాలి. "పది నిమిషాలకి మెత్తబడటం" కెమెరాకి దొరకదు. "లోపల పచ్చి" చూపించాలంటే ముక్క విరిచి చూపాలి, దానికి టైమ్ పడుతుంది. అడుగంటడం మాత్రం ఒక్క చూపులో తెలిసిపోతుంది, పైగా దానికి శబ్దం కూడా ఉంది, అట్లకాడతో గీకే శబ్దం.

ఇక మందు. ముక్కలు అంటుకోవడానికి మామూలుగా మూడు కారణాలు. కోసిన ముక్క మీద పిండి పదార్థం జిగటగా ఉంటుంది, దాన్ని కడగాలి. కడిగిన తడి అలాగే ఉంటే ముక్క పాన్‌లో వేగడానికి ముందు ఉడకడం మొదలుపెడుతుంది, పాన్ వేడి కూడా పడిపోతుంది. మూడోది, కింద పొర గట్టిపడకముందే కదిపేయడం. ఇందులో జనం సాధారణంగా కడుగుతారు, తుడవరు. నా రీల్ మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబెట్టాను: తుడవడం.

మొదటి ఫ్రేమ్

మాట కన్నా కన్ను ముందు పని చేస్తుంది. స్క్రీన్ మీద ఎంత గొప్ప వాక్యం రాసినా, దాని వెనక బుట్టలో బంగాళాదుంపలు కదలకుండా కూర్చుని ఉంటే ఆ వాక్యం చదివే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి సున్నా సెకను దగ్గరే ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. జరగబోవడం కాదు, జరుగుతూ ఉండాలి. చెయ్యి పాన్ వైపు వస్తున్న షాట్ తీస్తే, ఎడిటింగ్‌లో ఆ చెయ్యి వచ్చే భాగం కోసేయండి, అట్లకాడ ముక్క కిందకి దూరిన క్షణం నుంచి మొదలవ్వాలి. నల్ల స్క్రీన్ నుంచి మెల్లగా తేలే ఫేడ్, లోగో, పేరు తిరుగుతూ రావడం, ఇవేవీ వద్దు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది: పూర్తయిన వంట ముందు చూపించాలా, పాడైన వంట ముందు చూపించాలా? వంట చూడగానే నోరూరేలా ఉంటే, అంటే కోస్తే లోపల సాగేవీ, పొంగేవీ, పగిలేవీ అయితే, పూర్తయినది ముందు పెట్టండి. మామూలు వంటకి ఆ బలం ఉండదు. వేగిన బంగాళాదుంప ముక్కల ప్లేట్ ఎంత బాగున్నా అలాంటివి రోజుకి పది కనిపిస్తాయి. అక్కడ ఇబ్బంది ముందు చూపించడమే మేలు. నేను అలాగే చేశాను, కావాలని తడి ముక్కలు వేసి, అంటించి, గీకుతూ దగ్గర నుంచి తీశాను. ఈ షాట్ కోసం గుప్పెడు ముక్కలు వేరుగా పక్కన పెట్టుకోవాలి, ఈ సంగతి ముందు రాసుకున్నాను కాబట్టే గుర్తుంది.

స్క్రీన్ మీద రాసే లైన్

తెలుగులో రాసేవాళ్ళకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అసలు విషయం దానితో పాటు చివరికి జారుతుంది. "బంగాళాదుంప ముక్కలు పాన్‌కి అడుగంటకుండా ఉండాలంటే ఏం చేయాలి" అన్న వాక్యంలో తప్పేమీ లేదు, కానీ ఇబ్బంది పేరు పలికేసరికి మూడు మాటలు దాటిపోయాయి. అదృష్టవశాత్తూ మన భాషలో మాటలు ముందుకీ వెనక్కీ జరపొచ్చు, మాట్లాడేటప్పుడు రోజూ చేసేదే, "వచ్చాడా వాడు?" అన్నట్టు. హుక్‌లో ఆ సౌకర్యం వాడుకోండి. గుచ్చుకునే మాట ముందుకి లాగండి.

నేను రాసి కొట్టేసినవి చూపిస్తాను, ఎందుకు కొట్టేశానో తెలిస్తే మీవి మీరే కొట్టేసుకోవచ్చు.

"కరకరలాడే బంగాళాదుంప వేపుడు." ఇది పేరు. ఇంతకుముందే చెప్పాను.

"ఈ తప్పు మీరూ చేస్తున్నారా?" దీన్ని తీసుకెళ్ళి ఇంకో వంట మీద పెట్టినా సరిపోతుంది, వంట కాని వీడియో మీద పెట్టినా సరిపోతుంది. ఏ వీడియోకైనా అతికే లైన్ అంటే దేనికీ అతకని లైన్. "ఎవరూ చెప్పని రహస్యం", "చివరి వరకు చూడండి" కూడా ఇదే జాతి, వీటిని చూసి చూసి జనం కళ్ళు అలవాటుగా దాటేస్తాయి.

"ముక్కలు అడుగంటుతున్నాయా?" బాగానే ఉంది. రెండే మాటలు, విషయం సూటిగా ఉంది. కానీ వెనక షాట్‌లో కనిపిస్తున్నదే ఇది కూడా చెప్తోంది. కన్ను ఇప్పటికే చూసినదాన్ని మాట మళ్ళీ చెప్తే ఆ మాట వృథా.

చివరికి ఉంచింది: "అడుగంటింది నూనె తక్కువై కాదు". నాలుగు మాటలు. ఇబ్బంది మొదటి మాటలోనే ఉంది, మిగతా మూడు మాటలు చూసేవాళ్ళ మనసులో ఉన్న కారణాన్ని కాదంటున్నాయి. అడుగంటగానే మనం చేసే పని ఇంకో స్పూన్ నూనె పోయడమే కదా. "మరి దేని వల్ల?" అన్న ప్రశ్న వాళ్ళకి వాళ్ళే వేసుకుంటారు, మీరు అడగనక్కర్లేదు.

నాలుగు నుంచి ఆరు మాటలు, రెండు లైన్లు, అంతకు మించొద్దు. తెలుగు మాటలు పొడుగు, "వేయించుకోవాలనుకుంటే" అన్న ఒక్క మాటే స్క్రీన్ వెడల్పంతా తినేస్తుంది, అప్పుడు యాప్ దాన్ని ఎక్కడో మధ్యలో విరిచి కింద లైన్‌లో పడేస్తుంది. లైన్ ఎక్కడ విరగాలో మీరే ఎంటర్ కొట్టి విరవండి. "అడుగంటింది" ఒక లైన్, "నూనె తక్కువై కాదు" రెండో లైన్. ఇంకోటి, వత్తులు. పై లైన్ వత్తులు, కింద లైన్ గుడులూ తలకట్లూ ఒకదాని మీద ఒకటి ఎక్కితే దూరం నుంచి అన్నీ కలిసి మచ్చలా కనిపిస్తాయి. వెనక రంగు పెట్టె పెట్టినప్పుడు కొన్నిసార్లు వత్తు కింది సగం పెట్టె బయటికి వేలాడుతుంది. లైన్ల మధ్య దూరం పెంచండి, కుదరకపోతే రెండు లైన్లనీ రెండు వేరే టెక్స్ట్‌లుగా పెట్టి చేత్తో జరపండి. ఎడిటింగ్ యాప్‌లో కనిపించే అందమైన ఫాంట్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు ఉండవు, ఏది నొక్కినా ఒకేలా కనిపిస్తుంటే కారణం అదే, మీ ఫోన్ పాడవలేదు.

పెట్టే చోటు కూడా చూసుకోండి. కింది భాగాన్ని మీ పేరూ క్యాప్షనూ కప్పేస్తాయి, కుడి పక్కన లైక్, షేర్ గుర్తులుంటాయి. ఫ్రేమ్ మధ్యకి కాస్త పైన, ఎడమ వైపుకి జరిపి పెడితే ఏదీ తగలదు. టెక్స్ట్ మొదటి ఫ్రేమ్ నుంచే ఉండాలి, ఎగురుకుంటూ రాకూడదు, మీరు దాన్ని మనసులో మెల్లగా రెండుసార్లు చదివేంత సేపు ఉండాలి. నా దానికి అది మూడు సెకన్లు.

గొంతు వేరే మాట చెప్పాలి

చాలామంది మ్యూట్‌లో చూస్తారు, కాబట్టి టెక్స్ట్ ఒక్కటే ఉన్నా విషయం అర్థం కావాలి. కానీ సౌండ్ పెట్టుకున్నవాళ్ళకి అదే లైన్ చదివి వినిపించకండి. టెక్స్ట్ ప్రశ్న లేపితే గొంతు దాన్ని ఒక అడుగు ముందుకి తీసుకెళ్ళాలి. నేను మొదటి సెకను ఏమీ మాట్లాడలేదు, గీకే శబ్దం ఒక్కటే వదిలాను. తర్వాత "కడిగారు సరే, తుడిచారా?" అన్నాను, అంతే. మూడు మాటలు, ఒకటిన్నర సెకను. ఆ "తుడిచారా" దగ్గర షాట్ మారి, పొడి గుడ్డ ముక్కల మీద నొక్కుతుంది, తీస్తే గుడ్డ మీద తడి మరక.

అంటే మొత్తం మూడు సెకన్లు ఇలా కుదిరాయి: గీకడం, అంటుకున్న ముక్క చితకడం, గుడ్డ మీద తడి. మూడు చిన్న షాట్లు, ఒక్క టెక్స్ట్, ఒక్క మాట. జవాబు మొదలైపోయింది కూడా. ఇది ముఖ్యం, జవాబుని చివరిదాకా దాచకండి. జవాబు మూడో సెకనుకి చూచాయగా తెలిసినా జనం వెళ్ళిపోరు, అది నిజమేనా, తుడిస్తే నిజంగా అంటుకోదా అని చూడటానికి ఉంటారు. పొడి ముక్కలు పాన్ మీద జారే షాట్ నేను ఇరవయ్యో సెకను దాటాక పెట్టాను, అదే వాళ్ళు ఎదురుచూసే షాట్.

మాట రికార్డ్ చేశాక ముందున్న ఊపిరి శబ్దం, "సో", "అయితే" లాంటివి టైమ్‌లైన్‌లో పెద్దది చేసి కోసేయండి. పావు సెకను అనిపిస్తుంది గానీ మూడు సెకన్లలో పావు సెకను చాలా ఎక్కువ.

క్యాప్షన్: హుక్‌లో కత్తిరించిన నిజం ఇక్కడ తిరిగి పెట్టాలి

హుక్ పొట్టిది కాబట్టి అందులో నిజం మొత్తం పట్టదు. "నూనె తక్కువై కాదు" అన్నాను, కానీ స్టీల్ పాన్‌లో నూనె బొత్తిగా లేకపోతే ఎంత తుడిచినా అంటుకుంటుంది. ఆ మాట హుక్‌లో పెడితే హుక్ చచ్చిపోతుంది, ఎక్కడా పెట్టకపోతే నేను అబద్ధం చెప్పినట్టు. దాని చోటు క్యాప్షన్. వీడియోలో కూడా రెండుసార్లూ ఒకే కొలత నూనె పోస్తున్నట్టు చూపించాను, లేకపోతే ఆ హుక్ వాడే హక్కు నాకు లేదు.

క్యాప్షన్ మొత్తం ఎవరికీ మొదట కనిపించదు. రీల్ కింద మొదటి లైన్ కాస్త కనిపించి మిగతాది `more` వెనక దాక్కుంటుంది, ఎన్ని మాటలు కనిపిస్తాయన్నది ఫోన్‌ని బట్టి మారుతుంది. కాబట్టి మొదటి నాలుగైదు మాటల్లోనే విషయం ఉండాలి. "హలో ఫ్రెండ్స్" అక్కడ పెడితే కనిపించే చోటంతా దానికే పోయింది. హుక్ లైన్‌నే మళ్ళీ అతికించకండి కూడా, ఆల్రెడీ చదివారు. `more` నొక్కితే ఏం దొరుకుతుందో చెప్పండి. వంట రీల్‌కి జనం క్యాప్షన్ తెరిచేది ఎక్కువగా కొలతల కోసమే.

నేను రాసింది ఇది:

"కొలతలు, మంట, టైమ్ అన్నీ కింద ఉన్నాయి.

బంగాళాదుంపలు అర కిలో, ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు. నూనె 3 టేబుల్ స్పూన్లు. ఉప్పు తగినంత, చివర్లో.

ముక్కల్ని నీళ్ళు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు కడగండి. పొడి గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డతో నొక్కండి, చేత్తో ముట్టుకుంటే తడి అంటకూడదు. నూనె కాగాక ఒక ముక్క వేసి చూడండి, వెంటనే చిటపటమంటే మిగతావి ఒకే వరసలో పరవండి. మీడియం మంట మీద 4 నిమిషాలు కదపొద్దు. అట్లకాడ దూర్చితే తేలిగ్గా ఊడివస్తే తిప్పండి, ఊడకపోతే ఇంకో నిమిషం ఆగండి.

ఉప్పు ముందే వేస్తే ముక్కల్లోంచి నీరు ఊరుతుంది, తుడిచిన పని వృథా అవుతుంది.

నూనె ఇంతకన్నా బాగా తగ్గిస్తే స్టీల్ పాన్‌లో అంటుకుంటుంది, అప్పుడు నాన్‌స్టిక్ వాడండి.

మీ పాన్ ఏది, స్టీలా ఇనుమా నాన్‌స్టిక్కా? దాన్ని బట్టి టైమ్ చెప్తాను."

చివరి ప్రశ్న గమనించండి. "ఎలా ఉందో కామెంట్ చేయండి" అంటే ఎవరూ చేయరు, చేసినా "సూపర్" అంటారు. ఒక్క మాటలో జవాబిచ్చే ప్రశ్న, ఆ జవాబుతో వాళ్ళకి ఏదో ఒరిగే ప్రశ్న అడగండి, అడిగాక నిజంగా జవాబివ్వండి.

పేరాల మధ్య ఖాళీ లైన్ వదలండి, ఒకే ముద్దగా ఉంటే స్టవ్ ముందు నిలబడి ఫోన్‌లో కొలత వెతుక్కోలేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌కి 2200 క్యారెక్టర్ల పరిమితి ఉంది, తెలుగులో అది మనం అనుకున్నదానికన్నా త్వరగా నిండుతుంది. "ఉప్పు" కంటికి రెండక్షరాలు, లెక్కలో ఐదు, ఎందుకంటే వత్తుకీ గుణింతానికీ విడిగా లెక్క పడుతుంది. రెండు వంటల కొలతలు ఒకే క్యాప్షన్‌లో కుక్కేవాళ్ళకి ఇది తగులుతుంది, మామూలుగా అయితే సరిపోతుంది.

వెతికేవాళ్ళ సంగతి. తెలుగు చదివేవాళ్ళలో చాలామంది వెతికేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తారు, అందుకే క్యాప్షన్ చివర `crispy potato fry` లాంటి మాట ఒక్కసారి రాస్తాను. ఒక్కసారి చాలు. హ్యాష్‌ట్యాగులు మూడో నాలుగో, వంటకి సంబంధించినవే.

పెట్టేముందు, పెట్టాక

పెట్టేముందు ఒక పరీక్ష. ఇంట్లో రీల్ చూడనివాళ్ళెవరికైనా ఫోన్ మ్యూట్‌లో ఇవ్వండి, మూడు సెకన్లు కాగానే వెనక్కి తీసుకుని "దేని గురించి?" అని అడగండి. "బంగాళాదుంప వేపుడు" అంటే మీ హుక్ ఇంకా పేరు దగ్గరే ఉంది. "అంటుకోవడం గురించి, ఎందుకు?" అంటే అప్‌లోడ్ చేయండి. "బాగుంది" అంటే వాళ్ళు మీ మీద ప్రేమతో చెప్తున్నారు, ఇంకొకరిని అడగండి. ఈ పరీక్ష ముందే చేయాలి, ఎందుకంటే క్యాప్షన్ పెట్టాక కూడా మార్చుకోవచ్చు గానీ వీడియో మీద పెట్టిన టెక్స్ట్ మార్చలేరు, మళ్ళీ కొత్తగా అప్‌లోడ్ చేయాల్సిందే.

పెట్టాక ఒకటి రెండు రోజులు ఆగి గ్రాఫ్ చూడండి. గీత మొదటి రెండు మూడు సెకన్లలోనే నిలువుగా పడితే ముందు మాట మార్చకండి, షాట్ మార్చండి, ఎందుకంటే ఎక్కువమంది మాట చదవకముందే వెళ్ళారు. మూడు దాటి, నాలుగు నుంచి ఏడు మధ్య పడితే షాట్ బాగుంది, మాట బాగుంది, కానీ మీరు లేపిన ప్రశ్న వదిలేసి ఎక్కడో తొక్క తీయడం దగ్గర కూర్చున్నారు. ఆ భాగం తీసేయండి, తొక్క తీయడం అందరికీ వచ్చు. చివర్లో పడితే కంగారు పడక్కర్లేదు, మీరు "థాంక్యూ" చెప్పేచోట వాళ్ళు వెళ్ళిపోయారంతే, ఆ థాంక్యూ తీసేస్తే సరి. మీ అకౌంట్‌లో ట్రయల్ రీల్ ఆప్షన్ ఉంటే, అది ముందు మిమ్మల్ని ఫాలో అవనివాళ్ళకి చూపిస్తుంది, రెండు హుక్‌లలో ఏది నిలబడుతుందో చూడటానికి అది పనికొస్తుంది. అప్పుడు మొదటి మూడు సెకన్లు తప్ప ఇంకేమీ మార్చొద్దు, రెండు మూడు మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.

క్యాప్షన్ పని చేసిందా లేదా కామెంట్లలో తెలుస్తుంది. "ఎంత నూనె?" అని అడుగుతున్నారంటే కొలత అక్కడ ఉన్నా కనిపించట్లేదు, దాన్ని పైకి జరపండి. నా రీల్ కింద ఆ ప్రశ్న రాలేదు. ఇంకోటి వచ్చింది, ఒకరు కాదు చాలామంది అడిగారు: "ముందు ఉడకబెట్టి వేయిస్తే ముద్దవుతున్నాయి, ఎందుకు?" మొదటి రోజు కాగితం మీద రాసి కొట్టేసిన నాలుగింట్లో మూడోది అదే. వాళ్ళ మాటనే తీసుకుని, క్రియ ముందుకి లాగి, తర్వాతి రీల్‌కి రాసుకున్నాను: "ముద్దయ్యాయా? ఉడికింది ఎక్కువై కాదు." ఇంకా షూట్ చేయలేదు, ఉడికిన వేడి ముక్కల్ని వెంటనే పాన్‌లో వేస్తే ఎలా చితుకుతాయో, ఆవిరి పోయేదాకా ఆరబెట్టి వేస్తే ఎలా ఉంటాయో పక్కపక్కన తీయాలి, దానికి రెండు పాన్‌లు కావాలి.